వీడియో లెక్చర్‌కి రచయిత ఎవరు?

"మీడియా స్టడీస్ వ్యాసంలో యూట్యూబ్‌లో చూసిన ఉపన్యాసాన్ని ఏపీఏ పద్ధతిలో ఉదహరించాలి. పేరు ఎవరిది రాయాలి? మాట్లాడినవాళ్లదా, చానెల్‌దా? ఒక పాడ్‌కాస్ట్, ఒక ట్వీట్ కూడా ఉన్నాయి."

చానెల్‌దే. ఏపీఏ 7వ ఎడిషన్‌లో వీడియోను అప్‌లోడ్ చేసినవాళ్లే రచయిత. వినడానికి వింతగా ఉంటుంది కానీ, లెక్క అంతా పాఠకుడు ఆ పేజీని వెతికి పట్టుకోగలడా అన్నదే.

చిమమాండా అడీచీ 2009 టెడ్ ప్రసంగాన్నే తీసుకోండి. టెడ్ సొంత సైట్‌లో చూస్తే రచయిత అడీచీ. అదే ప్రసంగం యూట్యూబ్‌లో చూస్తే రచయిత టెడ్ చానెల్. మరి మాట్లాడిన మనిషి ఏమైపోయినట్టు? ఆమె పేరు మీ వాక్యంలోకి వస్తుంది. "అడీచీ ఇలా అంటారు" అని రాసి, మాట ముగిశాక బ్రాకెట్ పెట్టండి:

```
(TED, 2009, 4:10)
```

చివరి అంకె, ఆ మాట మొదలయ్యే నిమిషం, సెకను. పుస్తకానికి పేజీ నంబరు ఎలాగో దీనికి ఇది అలాగ. యథాతథంగా కోట్ చేసినప్పుడు ఇది తప్పనిసరి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మొదటి ఏడాది వ్యాసంలో గంట ఉపన్యాసంలోంచి ఎవరో కత్తిరించి పెట్టిన మూడు నిమిషాల ముక్కను ఉదహరించాను. వ్యాసం దిద్దేలోపు ఆ వీడియో పోయింది. అసలు ఉపన్యాసం ఉంది, కానీ నేనిచ్చిన 1:40 దగ్గర వేరే విషయం నడుస్తోంది. పైగా ఆ ముక్కలో వక్త ముందు చెప్పిన "కొందరు ఇలా వాదిస్తారు" అన్న మాట ఎగిరిపోయింది. దాంతో ఆయన ఖండిస్తున్న వాదాన్నే ఆయన అభిప్రాయంగా రాసేశాను! అప్పటినుంచి ముక్క కనబడితే మొదట పూర్తి వీడియో వెతుకుతాను, ఆ మాటకి ముందు రెండు నిమిషాలైనా వింటాను. ముక్క ఎలా కత్తిరించారన్నదే మీ చర్చ అయితే మాత్రం ముక్కనే ఉదహరించాలి.

పాడ్‌కాస్ట్ ఎపిసోడ్‌కి హోస్ట్ పేరు రచయిత స్థానంలో వస్తుంది, పక్కన హోస్ట్ అని బ్రాకెట్‌లో. అతిథి పేరు మీ వాక్యంలో. సమయం ఇక్కడా ఇవ్వాలి. చాలా యాప్‌లు మధ్యలో ప్రకటనలు చొప్పిస్తాయి కాబట్టి మీ ఫోన్‌లో 22:15 ఇంకొకరికి 23:00 కావచ్చు. అందుకే నేను ఏ ప్రశ్నకు జవాబుగా వచ్చిన మాటో కూడా వాక్యంలో చెబుతాను.

ట్వీట్‌కి శీర్షిక ఉండదు గనక మొదటి 20 పదాలే శీర్షిక. అక్షరదోషాలు, హ్యాష్‌ట్యాగ్‌లు దిద్దకండి. ఎమోజీ ఒక పదం కింద లెక్క. పేరు తర్వాత చదరపు బ్రాకెట్‌లో హ్యాండిల్ ఇవ్వండి. చదివిన రోజే `web.archive.org/save` లో లింకు పెట్టి భద్రపరచండి. లాగిన్ అడిగే పేజీలు అక్కడ సరిగా పడవు, వాటికి తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తాళం వేసిన ఖాతాలో పోస్టయితే పాఠకుడు చూడలేడు కాబట్టి అది చివరి జాబితాలోకి రాదు, వ్యక్తిగత సంభాషణగా వ్యాసంలోనే చూపాలి.