నాలుగంచెల వోల్టేజి మల్టిప్లయర్: లోడు పెట్టగానే వోల్టేజి ఎందుకు పడిపోతుంది?

ప్రశ్న: 24 వోల్టుల, 50 హెర్ట్జ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఎనిమిది 1N4007 డయోడ్లు, ఎనిమిది 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లతో నాలుగంచెల మల్టిప్లయర్ కట్టాను. లోడు లేనప్పుడు మీటరు 263 వోల్టులు చూపుతోంది. 150 కిలో ఓముల రెసిస్టరు పెడితే 153కి దిగిపోతోంది. నాకు 200 కావాలి. డయోడ్లు పాడయ్యాయా? ఐదో అంచె కలపనా?

జవాబు: మీ డయోడ్లు బాగానే ఉన్నాయి, ఐదో అంచె మాత్రం కలపకండి. విశాఖలో, పెదవాల్తేరులోని మా ఇంట్లో ఇలాంటి నిచ్చెనే కట్టినప్పుడు నేనూ డయోడ్లనే అనుమానించి ఎనిమిదింటినీ మార్చాను గాని, ఒక్క వోల్టు కూడా తేడా రాలేదు. ఆ తరువాత కాగితం మీద లెక్క వేసి, ఒక్కొక్క కెపాసిటర్ మీద వోల్టేజి కొలిచాకే విషయం బోధపడింది.

24 వోల్టుల సరఫరాకు శిఖర విలువ సుమారు 34. ఒక్కో డయోడు 0.7 వోల్టు తినేస్తుంది కనుక లోడు లేనప్పుడు రావలసినది 8 × 33.2, అంటే 266 వోల్టులు. మీటరు లోపలి 10 మెగా ఓములే చిన్న లోడుగా పనిచేసి దానిని 263కి దించుతాయి.

ఇక లోడు సంగతి. 1 మిల్లీ ఆంపియర్ లాగితే ఒక్కో ఆవర్తనంలో బయటికి పోయే ఆవేశం `q = I/f`, అంటే 20 మైక్రోకూలుంబులు. 10 మైక్రోఫారడ్లతో భాగిస్తే `q/C` విలువ 2 వోల్టులు. పై అంచె నుంచి పోయిన ఈ ఆవేశాన్ని కింది అంచెలే అందించాలి కనుక, ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న కెపాసిటర్ గుండా ప్రతి ఆవర్తనంలోనూ నాలుగు రెట్ల ఆవేశం కదులుతుంది. అక్కడ కలిగిన లోటు పై అంచెలన్నిటికీ సంక్రమిస్తూ, పైకి వెళ్ళేకొద్దీ పేరుకుంటుంది. `q/C` లెక్కన మొదటి అంచెలో లోటు 4, తరువాత 11, 16, 19, మొత్తం 50. అంచెల సంఖ్యను n అనుకుంటే, కెపాసిటర్లన్నీ సమానమైనప్పుడు సూత్రాలు ఇవి:

```
drop   = (q/C)(2n³/3 + n²/2 − n/6)
ripple = (q/C) n(n+1)/2
```

n = 4 అయితే మొదటిది 50, రెండోది 10 వస్తాయి. అంటే 1 మిల్లీ ఆంపియర్ వద్ద శిఖరం 100 వోల్టులు తగ్గి 166 అవుతుంది, దాని మీద శిఖరం నుంచి లోయ వరకు 20 వోల్టుల రిపుల్ ఉంటుంది. మీటరు సగటును చూపుతుంది కనుక రిపుల్‌లో సగం కూడా తీసివేయాలి: 156. మరోలా చెప్పాలంటే, మీ నిచ్చెన 266 వోల్టుల బ్యాటరీకి వరుసలో 110 కిలో ఓములు తగిలించినట్టు ప్రవర్తిస్తోంది. దానికి 150 కిలో ఓములు జోడిస్తే 153 వోల్టులు రావాలి, మీకు సరిగ్గా అదే వచ్చింది.

ఇదే కొలతతో లోపాన్ని కూడా పట్టవచ్చు. లోడు ఉండగా ఔట్‌పుట్ వరుసలోని నాలుగు కెపాసిటర్లనూ కింది నుంచి విడివిడిగా కొలిస్తే సుమారు 54, 41, 32, 26 రావాలి. ఈ క్రమం ఏదైనా ఒక అంచె దగ్గర హఠాత్తుగా విరిగితే, అక్కడి డయోడో, విలువ తగ్గిపోయిన పాత ఎలక్ట్రోలిటిక్‌దో తప్పు. లోడు లేనప్పుడే వోల్టేజి బాగా తక్కువగా ఉంటే అది లీకేజి. మన తీరపు తేమకు బోర్డు మీద పేరుకునే మురికి కూడా దానికి కారణం కావచ్చు.

ఐదో అంచె ఎందుకు వద్దన్నానంటే, లోటు దాదాపు n ఘనంగా పెరుగుతుంది, రాబడి మాత్రం n తోనే పెరుగుతుంది. 1 మిల్లీ ఆంపియర్ వద్ద శిఖరం మూడంచెలకు 155, నాలుగంచెలకు 166 ఉండగా, ఐదంచెలకు 142కే పడిపోతుంది.

200 దాటడానికి రెండు దారులున్నాయి. కెపాసిటర్లన్నిటినీ 47 మైక్రోఫారడ్లకు మారిస్తే లోపలి నిరోధం 23 కిలో ఓములకు తగ్గి, మీ రెసిస్టరు మీద 230 వోల్టులు వస్తాయి. నా మనసుకు నచ్చేది రెండోది: 48 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌తో రెండంచెలే కట్టండి. n = 2కు లోటు 7, రిపుల్ 3 మాత్రమే కనుక, అవే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్లు నాలుగింటితోనే సుమారు 241 వోల్టులు దొరుకుతాయి. అయితే అప్పుడు కెపాసిటర్ల మీద 136 వోల్టుల వరకు నిలుస్తుంది కనుక కనీసం 160 వోల్టుల రకం వాడాలి. పాత నిచ్చెనను విప్పే ముందు సరఫరా తీసేసి, రెండు వరుసల్లోని ఒక్కొక్క కెపాసిటర్‌నూ 10 కిలో ఓముల రెసిస్టరుతో ఖాళీ చేయండి. ఔట్‌పుట్ సున్నా చూపినా మరో వరుసలో ఆవేశం మిగిలి ఉండవచ్చు.