13 రోజుల యుద్ధం, అయిదేళ్ల ఎమర్జెన్సీ: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

ఎమర్జెన్సీ మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. వాక్యంలో పరుగుంది, కోపం ఉంది. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం, ఢిల్లీ పత్రికాఫీసులకు కరెంటు తీసేయడం, తెల్లవారేలోపు నాయకుల అరెస్టులు, అన్నీ బాగానే వచ్చాయి. చిక్కల్లా ఏమిటంటే ఇవన్నీ పాఠకుడికి ముందే తెలుసు. ఏటా జూన్ చివర్లో పత్రికలన్నీ ఆ రాత్రినే మళ్లీ చెబుతాయి. నువ్వు కొత్తగా చెప్పగలిగినది నాలుగో పేరాలో ఒక చిన్న వాక్యం కింద పడి ఉంది. "అప్పటికే 1971 నాటి ఎమర్జెన్సీ అమల్లో ఉంది" అని రాసి దాటిపోయావు. నేనైతే అక్కడే కూర్చునేవాణ్ని.

ఆ వాక్యాన్ని విప్పి చూద్దాం. 1971 డిసెంబర్ 3న పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైంది. అదే రోజు రాజ్యాంగం 352వ అధికరణం కింద ఎమర్జెన్సీ ప్రకటించారు. దాన్ని తప్పుపట్టేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ పెద్దగా లేరు. విమానాలు వచ్చి బాంబులు వేస్తుంటే ప్రభుత్వానికి అదనపు అధికారాలు కావాలనడంలో వింతేం లేదు. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సేన లొంగిపోయింది. మరుసటి ఏడాది జులైలో సిమ్లా ఒప్పందం కూడా అయిపోయింది. ఎమర్జెన్సీ మాత్రం పోలేదు. 1973లో ఉంది, 1974లో ఉంది. 1975 జూన్‌లో దాని మీదే రెండోది వచ్చి పడింది. మొదటిది రద్దయింది 1977 మార్చిలో. యుద్ధం 13 రోజులు, దాని పేరు చెప్పుకుని పెట్టిన ఎమర్జెన్సీ అయిదేళ్లు దాటి!

ఎందుకు పోలేదంటే, పోవాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదు కాబట్టి. అప్పటి 352వ అధికరణాన్ని తీసి చదువు. ప్రకటన వెలువడిన రెండు నెలల్లో ఉభయ సభలూ ఆమోదించాలి, లేకపోతే చెల్లదు. అంతవరకు బాగానే ఉంది. ఒకసారి ఆమోదం దొరికాక ఇక గడువంటూ ఏమీ లేదు. మళ్లీ సభ ముందుకు రానక్కర్లేదు, ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు. ప్రభుత్వం తనంతట తాను ఇంకో ప్రకటనతో రద్దు చేస్తే తప్ప అది నడుస్తూనే ఉంటుంది. అంటే దాన్ని కొనసాగించడానికి ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు, ముగించడానికే ఎవరో పూనుకోవాలి. ఆ పూనుకోవాల్సినవాళ్లు ఆ అధికారాలను అనుభవిస్తున్నవాళ్లే. ఇందులో దుర్మార్గుడు ఉండాల్సిన పని కూడా లేదు, బద్ధకం చాలు. నువ్వు నీ వ్యాసమంతా ఒక వ్యక్తి స్వభావం చుట్టూ తిప్పావు. స్వభావాల సంగతి ఎలా ఉన్నా, 1971లో అంతా సవ్యంగానే మొదలైందన్న మాట మరిచిపోవద్దు.

పైగా అది తొలిసారి కూడా కాదు. చైనాతో యుద్ధమప్పుడు 1962 అక్టోబర్ 26న పెట్టిన ఎమర్జెన్సీ 1968 జనవరి దాకా ఉంది. చైనా కాల్పులు ఆపింది 1962 నవంబర్‌లోనే. మధ్యలో 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం వస్తే కొత్త ప్రకటన అవసరమే రాలేదు, పాతది చేతిలో సిద్ధంగా ఉంది. అదే ఏడాది మార్చిలో కేరళ శాసనసభకు ఎన్నికైన కమ్యూనిస్టుల్లో చాలామంది భారత రక్షణ నిబంధనల కింద జైల్లో ఉన్నారు. ఆ సభ ఒక్కసారి కూడా సమావేశం కాకుండానే రద్దయిపోయింది. హిమాలయాల్లో యుద్ధానికని తీసుకున్న అధికారం కేరళ ఎన్నికల దాకా ఎలా నడిచొచ్చిందో ఒక్క పేరాలో చెప్పగలిగితే, నీ వ్యాసంలో ఉన్న విశేషణాలు సగం కొట్టేయొచ్చు.

ఇప్పుడు అసలైన చోటికి వస్తున్నాను. 1971 ఎమర్జెన్సీ 1975 దాకా ఊరికే కాగితం మీద పడుకుని ఉందని చాలామంది అనుకుంటారు. మీసా అనే అంతర్గత భద్రతా చట్టం 13వ సెక్షన్ చూడు. విచారణ లేకుండా ఒక మనిషిని గరిష్ఠంగా ఎన్నాళ్లు నిర్బంధించవచ్చో చెప్పే సెక్షన్ అది. యుద్ధం వచ్చాక దాన్ని మార్చారు. 12 నెలలు, లేదా 1971 భారత రక్షణ చట్టం గడువు తీరేదాకా, ఈ రెంటిలో ఏది ఆలస్యమైతే అది. మరి ఆ భారత రక్షణ చట్టం గడువు ఎప్పుడు తీరుతుంది? ఎమర్జెన్సీ ఎత్తేసిన ఆరు నెలలకు. ఎమర్జెన్సీ ఎప్పుడు ఎత్తేస్తారు? దానికి తేదీ లేదు. ఈ మూడింటినీ కలిపి చదివితే, 1972లో పట్టుబడిన మనిషి ఎప్పుడు బయటికొస్తాడన్నదానికి చట్టంలో జవాబు లేదు. ఇలాంటి గడువు గడువే కాదని సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించారు. మెజారిటీ న్యాయమూర్తులు ఆ సెక్షన్ చెల్లుతుందన్నారు. ఇదంతా ఇందిర ప్రభుత్వం రెండో ఎమర్జెన్సీ పెట్టకముందు సంగతి.

అదే రోజుల్లో పశ్చిమ బెంగాల్ నుంచి మరో నిర్బంధితుడి పిటిషన్ వచ్చింది. యుద్ధం ఎప్పుడో అయిపోయింది కదా, ఇంకా ఎమర్జెన్సీ ఉందనడం బూటకం కాదా అన్నది అందులోని ఒక వాదన. సామాన్యుడికి కూడా తట్టే ప్రశ్న. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు దానికి ఇచ్చిన జవాబు సారాంశం ఇది: ఇది రాజకీయ ప్రశ్న, కోర్టు తేల్చేది కాదు, దీని మీద అప్పీలు చేసుకోవాల్సింది ఎన్నికల్లో. పౌరహక్కుల కోసం ఎంతో రాసిన న్యాయమూర్తి ఆయన. ఆ మాటలో తర్కం లేదని కూడా అనలేం. యుద్ధ ప్రమాదం ఉందో లేదో జడ్జీలు ఎలా కొలుస్తారు?

అయితే 83వ అధికరణం తీసి దాని పక్కన పెట్టు. ఎమర్జెన్సీ అమల్లో ఉంటే లోక్‌సభ గడువును పార్లమెంటు చట్టం చేసి ఒక్కో విడతకు ఏడాది చొప్పున పొడిగించుకోవచ్చు. 1971 మార్చిలో ఎన్నికైన సభకు 1976 మార్చితో అయిదేళ్లు నిండాలి. దాన్ని 1977కి పొడిగించారు, ఆ తర్వాత మళ్లీ 1978కి. కోర్టు ఎన్నికలకు వెళ్లమంది, ఎన్నికలు ఎమర్జెన్సీ వల్ల ఆగాయి, ఎమర్జెన్సీని ప్రశ్నించాలంటే కోర్టు వినదు. ఈ మూడు వాక్యాలు నీ వ్యాసానికి వెన్నెముక కావాలి. 1977 జనవరిలో ఎన్నికలు ప్రకటించింది కూడా ఏ నిబంధనో ఒత్తిడి చేసి కాదు. ప్రభుత్వం తానుగా నిర్ణయించుకుంది. ఆ నిర్ణయం వెనక ఏముందో ఎవరికి తోచింది వాళ్లు రాశారు, నువ్వు ఆ గొడవలోకి దిగకు.

ఆ తర్వాత ఏం మార్చారో నీ వ్యాసంలో "44వ సవరణతో రక్షణలు కల్పించారు" అన్న ఒక్క ముక్కతో సరిపెట్టావు. ఎమర్జెన్సీకి కారణాల్లో "అంతర్గత కల్లోలం" తీసి "సాయుధ తిరుగుబాటు" పెట్టడం అందరూ చెప్పేదే. నేను ముఖ్యమనుకునేది వేరు. ఇప్పుడు ప్రకటనకు నెలలోపు ఆమోదం కావాలి, ఆ ఆమోదం ఆరు నెలలకే పనికొస్తుంది. ఆపైన కావాలంటే ప్రతి ఆరు నెలలకూ ఉభయ సభల్లో మొత్తం సభ్యుల్లో సగానికి మించి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతుల మంది మళ్లీ చేతులెత్తాలి. ఎవరూ ఏమీ చేయకపోతే అదే పోతుంది. బద్ధకం ఇప్పుడు పౌరుడి వైపు పనిచేస్తుంది. ఇంకొకటి, లోక్‌సభలో పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేకంగా సభ పెట్టి రద్దు తీర్మానం చర్చించాలి. అది మామూలు మెజారిటీతో నెగ్గినా చాలు. పెట్టడానికి పెద్ద మెజారిటీ, తీయడానికి చిన్న మెజారిటీ. దీన్ని రాసినవాళ్లలో జైలుకెళ్లొచ్చినవాళ్లు ఉన్నారు మరి. 352 కింద ఆ తర్వాత ఎమర్జెన్సీ రాలేదు కాబట్టి ఈ ఏర్పాటు గట్టిదో కాదో ఇంతవరకు పరీక్షకు రాలేదన్న సంగతి మాత్రం పాఠకుడికి చెప్పు.

అక్కడే ఆపి "ఇక భయం లేదు" అన్న ధోరణిలో ముగించావే, అది నాకు నచ్చలేదు. గడువు రాసుకున్నంత మాత్రాన గడువు పనిచేయదు. ఈజిప్టును చూడు. అధ్యక్షుడు సాదత్ హత్య తర్వాత 1981లో పెట్టిన ఎమర్జెన్సీని పొడిగిస్తూ పొడిగిస్తూ 2012 మే దాకా లాగారు. ఆ చేదు తెలిసే 2014 రాజ్యాంగంలో గట్టిగా రాసుకున్నారు: మూడు నెలలు, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఇంకో మూడు నెలలు, అంతే. 2017 ఏప్రిల్‌లో చర్చిలపై బాంబు దాడులు జరిగాయి, ఎమర్జెన్సీ ప్రకటించారు. మూడు నెలలయ్యాక పొడిగించారు. అక్టోబర్‌లో ఆరు నెలలూ నిండాయి. ఒకటి రెండు రోజులు ఊరుకుని మళ్లీ "కొత్తగా" ప్రకటించారు. ఈ పద్ధతిలోనే 2021 అక్టోబర్ దాకా నడిచింది. రాజ్యాంగంలో ఒక్క అక్షరం కూడా మీరలేదని వాదించడానికి వీలుంది, చూశావా! మన 352లో కూడా ఎన్నిసార్లు పొడిగించవచ్చో పరిమితి లేదు. పెద్ద మెజారిటీ ఉన్న పార్టీకి ఆరు నెలలకోసారి ఓటు ఒక తంతు మాత్రమే.

దక్షిణాఫ్రికా వాళ్లు రెండు జాగ్రత్తలు పడ్డారు, వీటిని నువ్వు పోల్చి చూపించవచ్చు. మొదట 21 రోజులే. ఆ తర్వాత ఒక్కో విడతకు మూడు నెలలకు మించకుండా పొడిగింపు. మొదటి పొడిగింపుకు సభ్యుల్లో సగానికి మించి చాలు, రెండోసారి నుంచి 60 శాతం కావాలి, అదీ సభలో బహిరంగంగా చర్చ జరిగాకే. మనకు మొదటి ఓటుకూ పదో ఓటుకూ ఒకటే కొలత. వాళ్లకు కాలం గడిచేకొద్దీ ఒప్పించడం కష్టమవుతుంది. రెండోది, ప్రకటన చెల్లుతుందా, పొడిగింపు చెల్లుతుందా అన్నది కోర్టులు తేల్చవచ్చని రాజ్యాంగంలోనే రాసేశారు. అంటే కృష్ణయ్యర్ గారి ముందుకొచ్చిన ప్రశ్న అక్కడ కోర్టులో వేయదగిన ప్రశ్నే. ఓటు లెక్క తప్పించుకునే ప్రభుత్వానికి ఈ రెండో తలుపు దగ్గర ఇబ్బంది రావచ్చు. వస్తుందని మాత్రం హామీ ఇవ్వకు, ఆ రోజు కోర్టులో ఎవరున్నారన్నదాని మీద ఉంటుంది.

ఇంకొక మాట. ఏ దేశం గురించి రాసినా రెండు తేదీలు పక్కపక్కన పెట్టుకో: ప్రకటనలో చెప్పిన కారణం తీరిపోయిన తేదీ, ప్రకటన రద్దయిన తేదీ. ఆ రెంటి మధ్య ఉన్న కాలంలో ఎవరెవరిని నిర్బంధించారు, ఏ పని మీద అన్నది వెతుకు. మొదట చెప్పిన కారణంతో వాళ్లకు సంబంధం కనబడకపోతే నీ వ్యాసం అక్కడుంది. పొడిగింపు తీర్మానం దొరికితే కారణాల పేరా మాత్రం జాగ్రత్తగా చదువు. పాత కారణం సన్నబడి కొత్తది వచ్చి చేరడం అందులోనే కనబడుతుంది.

జూన్ 25 రాత్రిని తీసేయమనడం లేదు. నాలుగో పేరాతో మొదలుపెట్టి, ఆ రాత్రిని ఎనిమిదో పేరాకు జరుపు. అప్పటికి పాఠకుడికి మూడున్నరేళ్లుగా తలుపు తెరిచే ఉందని తెలిసి ఉంటుంది. మీసా 13వ సెక్షన్ పాఠం సవరణలతో సహా తీసుకో, వేర్వేరు ఏళ్లకు వేర్వేరుగా ఉంటుంది. తిరగరాశాక పంపు, తొందరేం లేదు.

నీ శ్రేయోభిలాషి