జవాబుదావాలోని ప్రాథమిక అభ్యంతరాలు, వాటిపై కోర్టు ఉత్తర్వు: సారాంశం ఎలా రాయాలి?

ప్రశ్న: మా తోట దావాలో ప్రతివాదులు కోర్టుకి పరిధి లేదని, దావా చెల్లదని జవాబుదావాలో రాశారు. దాని మీద కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పైకోర్టు వకీలుగారు ఒక పేజీలో సారాంశం అడుగుతున్నారు. ఎలా రాయాలి?

జవాబు: నేను కోనసీమలో ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తానండి. ఇలాంటి నోట్లు మా ఆఫీసులో ఎక్కువగా నేనే రాస్తాను. జవాబుదావా సారం ఒక పేరా, ఉత్తర్వు సారం ఇంకో పేరా రాస్తే చదివేవాళ్లకి ఏ అభ్యంతరం ఏమైందో తేలదు. ఒక్కో అభ్యంతరం రాసి, దాని కిందే కోర్టు ఏమందో రాయండి.

మా దగ్గరికొచ్చిన ఒక దావా చెబుతాను. బోదెకి అటూ ఇటూ ఉన్న కొబ్బరితోట. కొంత మా కోర్టు పరిధిలోని ఊళ్లో, కొంత పక్క కోర్టు కిందికొచ్చే ఊళ్లో ఉంది. ప్రతివాది తోట జోలికి రాకుండా ఆపే శాశ్వత ఇంజంక్షన్ మాత్రమే వాది అడిగాడు. ప్రతివాది రెండు అభ్యంతరాలు పెట్టాడు: ఈ కోర్టుకి పరిధి లేదు, హక్కు మీదే తగాదా ఉంటే, ఆ హక్కు తనదేనని కోర్టు ప్రకటించే డిక్లరేషన్ అడగకుండా వట్టి ఇంజంక్షన్ దావా చెల్లదు.

మొదటిదాన్ని కోర్టు తోసిపుచ్చింది. ఆస్తి రెండు కోర్టుల పరిధిలో ఉంటే ఏ ఒక్క దాంట్లోనైనా దావా వేసుకోవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 17 చెబుతుంది. మొత్తం దావా విలువ మాత్రం ఆ కోర్టు హద్దులో ఉండాలి. అభ్యంతరం ఎప్పుడు లేవదీశారో కూడా నోటులో ఉండాలి. స్థల పరిధి మాట, కోర్టు తేల్చాల్సిన అంశాలు అంటే ఇష్యూలు ఖరారయ్యేలోపే, మొదటి అవకాశంలోనే చెప్పకపోతే సెక్షన్ 21 ప్రకారం పైకోర్టులో మామూలుగా చెల్లదు. ఇక్కడ జవాబుదావాలోనే చెప్పారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

రెండోదాని దగ్గరే చాలామంది పొరబడతారు. హక్కు మీద నిజంగా నీలినీడ ఉందా, లేక ప్రతివాది ఊరికే కాదంటున్నాడా అన్నది సాక్ష్యం చూడకుండా తేలదని, ఆ ఇష్యూని మిగతావాటితో కలిపి విచారిస్తానని కోర్టు చెప్పింది. ఆర్డర్ 14 రూల్ 2 కింద ముందుగా తేల్చదగ్గవి కోర్టు పరిధి మీదో, చట్టం పెట్టిన అడ్డు మీదో వచ్చే శుద్ధ న్యాయాంశాలే. అంటే ఆ అభ్యంతరం గెలవలేదు, ఓడలేదు. నోటులో “కొట్టేశారు” అని రాస్తే అబద్ధమే అవుతుంది. నేను ఇలా రాశాను: “అభ్యంతరం 2: డిక్లరేషన్ లేని ఇంజంక్షన్ దావా చెల్లదు. ఉత్తర్వు: ఇప్పుడు తేల్చలేదు, తుది విచారణకి వదిలారు. కారణం: సాక్ష్యంతో ముడిపడిన అంశం.”

ఈ తేడా పట్టుకోవాలంటే ఉత్తర్వు చివరి పేరా ముందు చదవండి. మధ్యలో ఉండే “ప్రతివాది వాదన ఏమనగా” అన్న పేజీలు కోర్టు అభిప్రాయం కావు.

మీ ఉత్తర్వులో పరిధి లేదని తేల్చి ఉంటే అక్కడ “ప్లెయింట్ వాపసు”, అంటే దావా కాగితం వాదికి తిరిగిచ్చేయడం, అని ఉందేమో చూడండి. అది ఆర్డర్ 7 రూల్ 10 కింద వచ్చేది, దావా కొట్టేయడం కాదు. సరైన కోర్టులో మళ్లీ దాఖలు చేసుకోవచ్చు. మంచి నమ్మకంతో, శ్రద్ధగా నడిపి ఉంటే తప్పు కోర్టులో పోయిన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయించమని అడగొచ్చు. అందుకే దావా వేసిన తేదీ, వాపసు తేదీ రెండూ నోటులో పైనే రాయండి.