మిర్చి సరుకు విలువ: ఫిఫోనా, సగటా?

«గుంటూరులో మిర్చి వ్యాపారం. రేటు పెరిగిన ఏడాది ఫిఫోలో లాభం ఎక్కువ చూపిస్తోంది, ట్యాక్స్ టెన్షన్. సగటుకు మారిపోవచ్చా?»

ఒక లెక్క చూడండి అన్నా. క్వింటాలు 15,000 చొప్పున 100 క్వింటాళ్లు కొన్నారు, తర్వాత 18,000 చొప్పున ఇంకో 100. 120 క్వింటాళ్లు 20,000 చొప్పున అమ్మారు, 80 కోల్డ్ స్టోరేజీలో మిగిలాయి.

ఫిఫోలో పాత సరుకే ముందు అమ్ముడైనట్టు. మిగిలిన 80 విలువ 14.40 లక్షలు, లాభం 5.40 లక్షలు. వెయిటెడ్ యావరేజ్‌లో అన్నిటికీ 16,500 ధరే, మిగులు 13.20 లక్షలు, లాభం 4.20 లక్షలు. తేడా 1.20 లక్షలు. 30 శాతం శ్లాబులో ఉంటే, సెస్ కాకుండా, 36,000 పన్ను ఎక్కువ.

అయితే ఆ డబ్బు పూర్తిగా పోయినట్టు కాదు. ఈ ఏడాది ముగింపు సరుకే వచ్చే ఏడాది ప్రారంభ సరుకు. ఆ 80 అమ్ముడయ్యాక ఫిఫోలో ఖర్చు 1.20 లక్షలు ఎక్కువ పడి, లాభం అంతే తగ్గుతుంది. రేట్లు పెరుగుతూ, నిల్వ అలాగే ఉంటే మాత్రం ఈ సర్దుబాటు ఏటా వాయిదా పడుతూ పోతుంది.

మార్చి 31న అమ్మితే నికరంగా 17,000 మాత్రమే వచ్చేలా ఉంటే, ఫిఫోలోనూ 17,000కే విలువ కట్టాలి. కొన్న ధర, నికర అమ్మకపు విలువల్లో తక్కువదే తీసుకోవాలి కదా. అప్పుడు తేడా 40,000కు పడిపోతుంది.

ఆదాయపు పన్ను కోసం సరుకు విలువ కట్టే ప్రమాణం ఐసీడీఎస్-2 రెండు పద్ధతులనూ ఒప్పుకుంటుంది, కానీ సరైన కారణం లేకుండా మార్చనివ్వదు. పన్ను తగ్గించుకోవడమే కారణమంటే నిలబడటం కష్టం. నేనైతే మార్చను.