దీపం దగ్గరకు జరిపినా ఆకు బిళ్లలు త్వరగా తేలడం లేదంటే

ప్రశ్న: కిరణజన్య సంయోగక్రియ వేగం కొలిచే ప్రయోగం చేస్తున్నాం. సిరంజితో లోపలి గాలి తీసేసి ముంచిన పాలకూర బిళ్లల్ని 0.2 శాతం వంట సోడా నీళ్లలో వేసి, దీపం వెలుగులో ఆక్సిజన్ పుట్టి ఎన్ని తేలాయో నిమిషానికోసారి చూస్తున్నాం. దీపం 10 సెం.మీ.లో ఉన్నా 20 సెం.మీ.లో ఉన్నా సగం బిళ్లలు తేలడానికి 7 నిమిషాలే పడుతోంది. 40 సెం.మీ.లో 20 నిమిషాలకు పదింట్లో మూడే తేలాయి. సోడా ఎక్కువ వేస్తే సరిపోతుందా?

జవాబు: 10 సెం.మీ. దగ్గర సరిపోవచ్చు, 40 దగ్గర మాత్రం సోడా ఎంత వేసినా పెద్దగా లాభం ఉండదండీ. ఆ రెండు చోట్లా అడ్డుపడుతున్నవి వేర్వేరు.

20 సెం.మీ. నుంచి 10కి జరిపితే వెలుగు నాలుగింతలు కావాలి. అయినా సమయం తగ్గలేదంటే అక్కడ ఆకుకు కొరత వెలుగు కాదు, బహుశా సోడా అందించే కార్బన్ డయాక్సైడ్. అది తేల్చాలంటే 10, 40 రెండు దూరాల్లోనూ 0.2 శాతం గ్లాసు ఒకటి, 0.5 శాతం గ్లాసు ఒకటి పెట్టండి. 10 దగ్గర 0.5 శాతంలో బిళ్లలు ముందుగా తేలి, 40 దగ్గర రెండు గ్లాసులూ ఒకేలా ఉంటే అనుమానం నిజమే. 10 దగ్గర కూడా తేడా రాకపోతే ఆకు తన గరిష్ఠ వేగానికి చేరిందనుకోవచ్చు. 1 శాతం దాటి మాత్రం వెళ్లొద్దు. అంత ఉప్పదనానికి ఆకు కణాల్లోంచి నీరు బయటికి పోతుంది, అప్పుడు వేగం పెరగకపోగా తగ్గుతుంది.

తూకంలో పొరపాటు సులువుగా జరుగుతుంది. 300 మి.లీ.కి 0.2 శాతం అంటే 0.6 గ్రాములే, వంటింటి త్రాసు దాన్ని సరిగా చూపించదు. లీటరు నీళ్లలో 10 గ్రాములు కలిపి 1 శాతం ద్రావణం ఒక్కసారే చేసుకోండి. అందులోంచి 200 మి.లీ. తీసి 800 మి.లీ. నీళ్లు పోస్తే 0.2 శాతం, సగానికి సగం కలిపితే 0.5 శాతం. బేకింగ్ పౌడర్ వాడకండి. అందులో ఆమ్లం కూడా ఉంటుంది కాబట్టి నీళ్లు తగలగానే బుడగలొచ్చి, బిళ్లలకు అంటుకుని, చీకట్లో కూడా వాటిని పైకి లేపేస్తాయి. పోలిక కోసం పెట్టే సోడా లేని గ్లాసుకు బోరు నీళ్లు పనికిరావు, వాటిలో బైకార్బొనేట్ ముందే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి.

దూరాన్ని గ్లాసు అంచు నుంచి కాదు, బల్బు నుంచి బిళ్లలున్న మట్టం దాకా కొలవాలి. 10, 20, 30, 40కి బదులు 10, 14, 20, 28, 40 తీసుకుంటే ప్రతి మెట్టుకూ వెలుగు దాదాపు సగమవుతూ వస్తుంది, గ్రాఫ్ చదవడం తేలిక. ఈ లెక్క చిన్న దీపానికే సరిగ్గా వర్తిస్తుంది. వెడల్పాటి ఎల్ఈడీ బల్బును 10 సెం.మీ.లో పెడితే నిజమైన పెరుగుదల నాలుగింతల కంటే తక్కువే, మీ రెండు సమయాలూ కలిసిపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు. ఫోన్‌లో వెలుగు కొలిచే లక్స్ మీటరు యాప్‌తో రెండు చోట్లా చూస్తే తెలిసిపోతుంది. గదిలో లైటు ఆపండి, లేకపోతే 40 దగ్గర మీరు కొలిచేది ట్యూబ్‌లైటునే. పాతకాలపు ఫిలమెంటు బల్బయితే నీళ్లు వేడెక్కి, కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటికొస్తుంది. రేకు చుట్టిన గ్లాసొకటి పక్కన పెట్టండి. అందులో కూడా బిళ్లలు తేలితే ఆ రోజు లెక్క కొట్టేయడమే.

ఇక లెక్కపెట్టడం. పది బిళ్లలంటే ఒక్కో బిళ్ల పది శాతం, పైగా మీరు నిమిషానికోసారి చూస్తున్నారు. 7వ నిమిషంలో 4, 8వ నిమిషంలో 7 తేలాయనుకోండి. ఐదో బిళ్ల ఆ మధ్యలో తేలింది, ఆ నిమిషంలో తేలిన మూడింటిలో మొదటిది కాబట్టి సమయం 7.3 అని రాస్తాం. కానీ ఆ దశాంశాన్ని మరీ నమ్మొద్దు. 7.1కి 7.6కి ఉన్న తేడా ఈ పద్ధతికి అందదు, 10కి 20కి తేడా దానిలోనే దాగి ఉండొచ్చు. గ్లాసుకు 20 బిళ్లలు వేసి 30 సెకన్లకోసారి లెక్కపెట్టండి, ప్రతి దూరానికీ మూడు గ్లాసులు పెట్టండి.

40 దగ్గర వచ్చిన 3 బిళ్లలను చూసి సగానికి ఎంత పడుతుందో ఊహించి గీత పొడిగించకండి. ‘20 నిమిషాల పైనే’ అని రాసి, మళ్లీ 40 నిమిషాలు చూడండి. సగటు తీసేటప్పుడు దాన్ని 20గా వేయకూడదు, మూడు గ్లాసుల మధ్య విలువ తీసుకోవాలి. బిళ్ల తేలేది శ్వాసక్రియకు పోగా మిగిలిన ఆక్సిజన్‌తో. వెలుగు మరీ తక్కువైతే మిగిలేదేమీ ఉండదు కాబట్టి ఎంతసేపు చూసినా తేలకపోవచ్చు.

చివరగా, ఒక గ్లాసులో రెండు మూడు బిళ్లలు మొండికేస్తే ముందు గాజుకు అతుక్కున్నాయేమో చూడండి. ప్రతి లెక్కకు ముందు గ్లాసును మెల్లగా తిప్పితే చాలు. లేదంటే మధ్య ఈనె పడిన బిళ్లలై ఉంటాయి. సిరంజిలో ప్లంజర్ మూడుసార్ల కంటే ఎక్కువ లాగి ఉంటే కణాలు దెబ్బతిని ఉండొచ్చు. అలాంటి బిళ్లలు మిగతావాటికంటే ముదురు పచ్చగా, నానిన గుడ్డలా కనిపిస్తాయి. దీపం వెలిగించక ముందే వాటిని తీసేయండి, తేలలేదని చూసి తర్వాత తీసేస్తే మాత్రం లెక్క మీకు అనుకూలంగా వంగిపోతుంది.