కనబడని వాటర్‌మార్క్ దొంగ పేరు చెబుతుందా?

ప్రశ్న: మా చెల్లెలి నిశ్చితార్థం ఫోటోలోంచి ముఖం తీసి అసభ్యమైన బొమ్మకు తగిలించి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. సంబంధం చెడిపోయేలా ఉంది. టెన్షన్‌లో వెంటనే అందరిచేతా డిలీట్ చేయించాం. మా దగ్గర స్క్రీన్‌షాట్ ఉంది. ఇలాంటి బొమ్మల్లో కనబడని వాటర్‌మార్క్ ఉంటుందట. తెలిసిన కుర్రాడొకడు పదివేలిస్తే అది చదివి, చేసిందెవరో రాసిస్తానంటున్నాడు. దాంతో కేసు పెట్టొచ్చా?

జవాబు: అందరిచేతా డిలీట్ చేయించడం మీరు చేసిన పెద్ద పొరపాటు. ఈ కేసు నిలబడేది ఆ మొదటి ఫైలు మీదే.

2026 ఫిబ్రవరిలో సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం, ఇలాంటి బొమ్మలు తయారుచేసే యాప్‌లు వీలైనంతవరకు చెరిగిపోని గుర్తు పెట్టాలి. ఆ గుర్తు చెప్పేది బొమ్మ ఏ యాప్‌లో పుట్టిందన్నదే. ఏ ఖాతాదారు చేశాడన్నది కంపెనీ రికార్డుల్లో ఉండాలి, వాటిని రప్పించాల్సింది పోలీసులు, క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ 94వ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి. ఫైలుకు తగిలించిన వివరాలు వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపగానే సాధారణంగా ఊడిపోతాయి. పిక్సెల్స్‌లో కలిపిన గుర్తు కొంతవరకు తట్టుకుంటుంది కానీ, చాట్‌తో సహా చిన్నదై వచ్చిన మీ స్క్రీన్‌షాట్‌లో అది దొరుకుతుందన్న భరోసా లేదు. గుర్తే పెట్టని ప్రోగ్రాములూ ఉన్నాయి. కాబట్టి గుర్తు దొరకనంత మాత్రాన బొమ్మ అసలైనదని కాదు. అవతలి లాయరు మాత్రం అలాగే వాదిస్తాడు.

ఆ కుర్రాడి జోలికి వెళ్లకండి. ఒక కంపెనీ గుర్తును నమ్మకంగా చదివే సాధనం సాధారణంగా ఆ కంపెనీ చేతిలోనే ఉంటుంది. అతను ఫైలును కత్తిరించి సేవ్ చేస్తే, ఫైలుకు వేలిముద్రలాంటి హ్యాష్ విలువ మారిపోతుంది. సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్‌లో రాయాల్సింది ఆ విలువే. అతను రాసిచ్చిన పేరు మీరు బయటపెడితే పరువునష్టం కేసు మీ మీదికే వస్తుంది.

గ్రూపులో ఎవరి ఫోన్‌లోనైనా ఆ ఫోటో మిగిలిందేమో ఈరోజే కనుక్కోండి. దొరికితే మీకు పంపమనకండి. అసభ్య చిత్రం మళ్లీ పంపడమే నేరం, పైగా పంపడంలో ఫైలు మారిపోవచ్చు. దాన్ని ముట్టుకోకుండా ఉంచి, ఫోన్‌ను పోలీసులకు చూపించమనండి. బొమ్మ ఇంకెక్కడైనా కనబడితే ముందు లింకు, తేదీ, ఖాతా పేరు రాసుకుని, ఆ తర్వాతే ఆ సంస్థకు ఫిర్యాదు చేయండి. ఇలాంటి బొమ్మను రెండు గంటల్లో తీసేయాలి, తీసేసినదాన్ని దర్యాప్తు కోసం 180 రోజులు భద్రపరచాలి.

ఐటీ చట్టం 67 కింద కేసుకు మూడేళ్ల గడువుంది కదా అని ఊరుకోకండి, ఆ 180 రోజులు ముందే అయిపోతాయి. నష్టపరిహారం దావాకైతే ప్రచురించిన నాటి నుంచి ఏడాదే.

ఫిర్యాదు మీ చెల్లెలే సంతకం చేసి ఇవ్వడం మంచిది, స్టేషన్‌లో గానీ cybercrime.gov.in లో గానీ. అందులో ఈ వాక్యం తప్పక రాయించండి: "గ్రూపు సభ్యుల ఫోన్లలో మిగిలిన ఫైలును హ్యాష్ విలువతో స్వాధీనం చేసుకుని ఫోరెన్సిక్ ల్యాబుకు పంపాలని, అందులో గుర్తు దొరికితే సంబంధిత యాప్ సంస్థ నుంచి ఖాతా వివరాలు తెప్పించాలని కోరుతున్నాను."