నలుగురం ఒకే రాత్రి రాసుకున్న రికమెండేషన్లు

"మేడమ్, నేను భీమవరం దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఫైనలియర్. ప్రాజెక్టు టీమ్‌లో నలుగురం లింక్డ్‌ఇన్‌లో ఒకరికొకరం రికమెండేషన్లు రాసుకున్నాం. సీనియర్ ఒకాయన చూసి, ఇవి ఉత్తుత్తివని ఇట్టే తెలిసిపోతోంది అన్నారు. తీసేయమంటారా?"

మీ సీనియర్ అన్నది నిజమే. కానీ అన్నీ తీసేయక్కర్లేదమ్మా. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. అన్నిటి మీదా ఒకే తేదీ. అన్నిట్లోనూ హార్డ్‌వర్కింగ్, టీమ్ ప్లేయర్, క్విక్ లెర్నర్. పేర్లు అటూ ఇటూ మార్చినా తేడా తెలీదు. పైగా నువ్వు రాసింది నీ ప్రొఫైల్లో కూడా Given కింద కనిపిస్తుంది. ఎవరైనా ఒక్క క్లిక్ చేస్తే పెళ్లిలో చదివింపుల లెక్క బయటపడినట్టే: నువ్వు నాకింత, నేను నీకింత.

మొన్న ఫోన్లో ప్రాజెక్టు గురించి అడిగితే మాత్రం పది నిమిషాలు ఆగకుండా చెప్పావు. రొయ్యల చెరువు నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచి, తగ్గితే రైతు ఫోనుకి మెసేజ్ పంపే పరికరం. ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది, ఎండెక్కాక నీళ్లలోని నాచు వల్ల మళ్లీ పెరుగుతుంది. మీ పరికరమేమో మధ్యాహ్నం కూడా రోజురోజుకీ తక్కువ చూపించసాగింది. మిగతావాళ్లు కోడ్‌లో తప్పు వెతుకుతుంటే, నీ స్నేహితురాలు సెన్సర్ పైకి లాగి చూసింది. దాని మూతికి జిగురుగా పాచి పట్టి ఉంది. నువ్వు తనకి రాసిన దాంట్లో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు!

నువ్వు ఇంగ్లీషులోనే రాస్తావు కదా, విషయం ఇలా ఉంటే చాలు:

"ఫైనలియర్ ప్రాజెక్టులో మాది ఒకే టీమ్. చెరువులో ఆక్సిజన్ కొలిచే మా పరికరం రెండో వారం నుంచి మధ్యాహ్నం కూడా తక్కువ చూపించింది. నేను రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను. ఎండలో ఆక్సిజన్ పెరగాలి కదా అని అనుమానించి, సెన్సర్‌కి పాచి పట్టిందని కనిపెట్టింది తనే. ఆ తర్వాత మూడు రోజులకోసారి తుడిచి, తుడవకముందు, తుడిచాక వచ్చిన రీడింగులు నోటుబుక్కులో రాసింది. మా రిపోర్టులో పట్టిక ఆ పుస్తకంలోదే. కోడ్ పని తనది కాదు. ఫీల్డ్‌లో వచ్చే డేటాని నమ్మొచ్చో లేదో తేల్చాల్సి వస్తే మాత్రం తననే పిలుస్తాను."

ఇందులో తనని పొగిడిన మాట దాదాపు లేదు. "నేను రెండు రోజులు కోడ్‌లో వెతికాను" అని నీ పొరపాటు నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి చదివేవాళ్లకి మిగతాదీ నిజమే అనిపిస్తుంది. "కోడ్ పని తనది కాదు" అన్నది తగ్గించినట్టుందని తను అలగొచ్చు, నచ్చజెప్పు. ఇంటర్వ్యూలో ఈ పేరా చూసి ఎవరైనా ప్రశ్న వేస్తే అది పాచి గురించే వస్తుంది, తను హాయిగా చెబుతుంది. రైతుకి నష్టం ఇంత శాతం తగ్గింది లాంటివి మాత్రం కొలవకుండా రాయకు. ఎలా లెక్కేశారంటే ఇద్దరూ నీళ్లు నమలాలి. చెరువు రైతు పేరూ వద్దు.

ఇక అడగడం. "నాకో రికమెండేషన్ రాయవా" అని ఊరికే అడిగితే వాళ్లకి తోచేది మళ్లీ హార్డ్‌వర్కింగే. "నువ్వే రాసి పంపు, పెట్టేస్తా" అంటారు, చాలామంది అలాగే కానిచ్చేస్తారు కూడా. అలా చేస్తే నలుగురి మాటా ఒకే చేతిరాతలా కనిపిస్తుంది. పొగడ్త రాసివ్వకు, సంఘటన గుర్తు చెయ్యి: "చెరువు గట్టు మీద సిమ్ సిగ్నల్ అందక మెసేజ్‌లు పోయిన రోజు నేనేం చేశానో నీకు గుర్తున్నంతవరకు రాస్తావా? నాలుగైదు వాక్యాలు చాలు. కుదరకపోతే ఫర్వాలేదు." రిక్వెస్టు పంపేటప్పుడు ఇద్దరి సంబంధం ఎంచుకోమంటుంది. కలిసి చదువుకున్నామన్నదే ఎంచుకో, ఒకే ఆఫీసులో పనిచేసినట్టు పెట్టకు.

ఇప్పుడున్నవాటి సంగతి. నువ్వు ఇతరులకి రాసినవాటిని నువ్వే మార్చొచ్చు, తీసేయొచ్చు. నీకొచ్చినవాటిలో అక్షరం కూడా నువ్వు మార్చలేవు. ప్రొఫైల్లో కనిపించకుండా దాచొచ్చు, లేదా మార్చి రాయమని వాళ్లనే అడగొచ్చు. ముందు నీకొచ్చిన మూడూ దాచెయ్. పాచి కనిపెట్టిన అమ్మాయికి రాసింది ఈ వారమే తిరగరాయి, బదులు మాత్రం తనని అడగకు. మిగతా ఇద్దరిలో నీ పనిని దగ్గర్నుంచి చూసింది ఎవరో ఆలోచించి, ఆ ఒక్కరినే అడుగు. మీ ప్రాజెక్టు గైడ్ సార్ నాలుగు వాక్యాలు రాస్తానంటే దానికి మీ ముగ్గురి మాటకన్నా బరువెక్కువ. కాకపోతే ఆ రోజు గట్టు మీద ఆయన లేరు కాబట్టి, పాచి సంగతి రాయాల్సింది మీరే.